కోడ్ చదవలేని మేనేజర్ ప్రోగ్రామర్‌ని ఎంచుకోవడం ఎలా?

సాంకేతిక విషయాలు తెలియని మేనేజర్‌కి ప్రోగ్రామర్‌ని తీసుకునే పని పడితే ఎక్కువగా జరిగేది ఇది. ఎక్కడో ఒక ప్రశ్నల జాబితా దొరుకుతుంది, పక్కనే జవాబులు ఉంటాయి. అభ్యర్థి చెప్పింది కాగితం మీద ఉన్నదానితో కలిస్తే టిక్కు, కలవకపోతే ఇంటూ. ఈ పద్ధతిలో దెబ్బతినేది పని బాగా వచ్చినవాళ్లే. వాళ్లు చాలా ప్రశ్నలకి "అది సందర్భాన్ని బట్టి ఉంటుందండీ" అని మొదలుపెట్టి, ఏ సందర్భంలో ఏం చేస్తారో చెప్పుకుంటూ పోతారు. అది కాగితంతో కలవదు. అదే జాబితాని ముందురోజు రాత్రి చదువుకొచ్చినవాళ్లు మాత్రం పొల్లు పోకుండా అప్పజెప్తారు.

ఇది పనికిరాదని తెలిసినవాళ్లు ఇంకో రెండు దారులు పడతారు. సాంకేతిక భాగం జోలికే పోకుండా మనిషి ఎలా మాట్లాడుతున్నారో చూసి తీసుకోవడం ఒకటి. తెలిసిన ఇంజనీర్ని పిలిచి "మీరే చూసి చెప్పండి" అని తాము గదిలోంచి తప్పుకోవడం రెండోది. మొదటిదాంతో తేలేది మాటకారితనం. రెండోది చూడ్డానికి తెలివైన పనిలా ఉంటుంది కానీ, ఆ ఇంజనీర్‌కి మీ సంస్థలో రోజూ ఏం జరుగుతుందో తెలియదు. తీసుకున్నాక ఆ మనిషితో పనిచేసేది కూడా ఆయన కాదు. ఆయనకి నచ్చిన ప్రోగ్రామర్ మీకు కావలసిన ప్రోగ్రామర్ అయితే అది అదృష్టమే.

నా దృష్టిలో సరైన దారి, ఈ నిర్ణయాన్ని రెండుగా విడగొట్టడం. "చేసిన పని సాంకేతికంగా సరైనదేనా?" అన్నది ఒక ప్రశ్న. "ఈ పనిలో తప్పు జరిగితే మాకు ఏమవుతుంది, ఈ మనిషి దాని గురించి ఆలోచించారా?" అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి మీరు నమ్మే సాంకేతిక సలహాదారు జవాబు చెప్పాలి. రెండోదానికి మీరే చెప్పాలి, అది ఇంకెవరూ చెప్పలేరు. అయితే ఇద్దరు మనుషులు వేరువేరుగా తీర్పు చెప్పాలంటే ఇద్దరి ముందూ ఒకే వస్తువు ఉండాలి. గదిలో జరిగిన సంభాషణ అలాంటి వస్తువు కాదు. అది ఎవరికి ఎలా గుర్తుంటే అలా మారిపోతుంది. అభ్యర్థి చేతితో చేసిన చిన్న పని మాత్రం అలాగే ఉంటుంది. ఉద్యోగంలో చేయాల్సిన పనిలోంచి ఒక ముక్క తీసి ముందే చేయించి చూడటాన్ని పని నమూనా అంటున్నాను.

నమూనా ఎంతవరకు నమ్మదగ్గది?

పని నమూనా గురించి ఒక అంకె చాలాచోట్ల తిరుగుతుంటుంది. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 85 ఏళ్ల ఎంపిక పరిశోధనలని కలిపి లెక్కగట్టారు. ఎంపికలో వచ్చిన మార్కులకీ ఆ తర్వాత ఉద్యోగంలో పనితీరుకీ ఉన్న సంబంధాన్ని కొలిస్తే పని నమూనాకి 0.54, అందరికీ ఒకే ప్రశ్నలు వేసి ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూకి 0.51, ఇష్టమొచ్చినట్టు సాగే ఇంటర్వ్యూకి 0.38 వచ్చాయి. 0 అంటే ఏ సంబంధమూ లేదని, 1 అంటే తూచినట్టు సరిపోయిందని. ఆ లెక్కలో పని నమూనాదే మొదటి స్థానం.

కానీ 2022లో పాల్ శాకెట్ బృందం ఆ లెక్కలని మళ్లీ తిరగేసింది. ఇలాంటి అధ్యయనాలకి దొరికేది ఉద్యోగంలోకి తీసుకున్నవాళ్ల సమాచారమే, తిరస్కరించినవాళ్లది ఉండదు. ఆ లోటు పూడ్చడానికి చేసే గణిత సవరణ చాలాచోట్ల మరీ ఎక్కువైందని వాళ్ల వాదన. కొత్త లెక్కలో పని నమూనా 0.33కి దిగింది, క్రమబద్ధమైన ఇంటర్వ్యూ 0.42తో పైకి వచ్చింది. ఇష్టమొచ్చినట్టు సాగే ఇంటర్వ్యూ 0.19 దగ్గర ఆగింది.

దీన్నిబట్టి నమూనా వదిలేయమని కాదు, దాన్ని ఒంటరిగా వాడకూడదని నాకు అర్థమైంది. నమూనా చేయించి, దాని చుట్టూ అందరికీ ఒకేలా సాగే ఇంటర్వ్యూ నడపాలి. కోడ్ రాని మేనేజర్‌కి ఈ జోడీ ఇంకో రకంగా కూడా కలిసొస్తుంది. గాలిలోంచి సాంకేతిక ప్రశ్నలు పుట్టించాల్సిన పని తప్పుతుంది. అభ్యర్థి చేసిన పని ఎదురుగా ఉంటుంది కాబట్టి దాని గురించే అడగొచ్చు.

ఒక క్లినిక్, ఒకే ప్రోగ్రామర్

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. కొంతమంది డాక్టర్లున్న క్లినిక్. రోగులు వెబ్‌సైట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుంటారు. ఆ వెబ్‌సైట్‌ని చూసుకునే ప్రోగ్రామర్ వెళ్లిపోయారు, కొత్తవాళ్లని తీసుకోవాలి. తీసుకోవాల్సింది క్లినిక్ నడిపే మేనేజర్. డాక్టర్ల సమయాలు, రోగుల కోపతాపాలు, రద్దులు, ఆలస్యాలు అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. కోడ్ మాత్రం ఒక్క ముక్క రాదు. ఆవిడకి తెలిసిన ఒక అనుభవజ్ఞుడైన ఇంజనీర్ కొన్ని గంటలు సాయం చేయడానికి ఒప్పుకున్నారు.

మొదటి అడుగు మేనేజర్‌ది. ఈ మధ్య నిజంగా ఇబ్బందిపెట్టిన సమస్య ఒకటి తన మాటల్లో రాయాలి. ఆవిడ ఇలా రాశారనుకుందాం: "ఒక్కోసారి ఒకే డాక్టర్‌కి ఒకే టైముకి ఇద్దరు బుక్ అవుతున్నారు. ఇద్దరూ వస్తారు, రిసెప్షన్‌లో గొడవ." ఇందులో సాంకేతిక పదం ఒక్కటీ లేదు, ఉండక్కర్లేదు కూడా. దీన్ని పరీక్షగా మార్చేది సలహాదారు. ఆయన అసలు ప్రోగ్రామ్‌ని పోలిన చిన్న ప్రోగ్రామ్ తయారుచేస్తారు, అందులో అదే తప్పు ఉంచుతారు, కల్పిత పేర్లతో కొన్ని బుకింగ్‌లు పెడతారు. నిజమైన రోగుల సమాచారం అభ్యర్థుల చేతికి పొరపాటున కూడా వెళ్లకూడదు. ఇంకో సంగతి, ఇప్పటికే పరిష్కరించేసిన సమస్యనే ఇవ్వాలి. ఇంకా పరిష్కరించని దాన్ని ఇస్తే పరీక్ష పేరుతో ఊరికే పని చేయించుకున్నట్టవుతుంది. అది అభ్యర్థులకి ఇట్టే తెలిసిపోతుంది.

ఆ తర్వాత, చాలామంది చేయనిది, సలహాదారు ఆ పరీక్షని తానే రాసి ఎంతసేపు పట్టిందో చూసుకోవాలి. ఆయనకి 40 నిమిషాలు పడితే అభ్యర్థులకి రెండు గంటలు ఇవ్వడం న్యాయం. ఎందుకంటే తప్పు ఎక్కడుందో ఆయనకి ముందే తెలుసు. ఆయనకే రెండు గంటలు పట్టిందంటే పరీక్ష పెద్దదైందని అర్థం, కోసేయాలి. రోజంతా పట్టే పరీక్షలిస్తే, ఇప్పటికే మంచి ఉద్యోగంలో ఉన్నవాళ్లు ముందుగా తప్పుకుంటారు. మిగిలేది తీరిక ఎక్కువ ఉన్నవాళ్లు. గంట దాటిన పనికి డబ్బు ఇవ్వడం మంచిది.

అభ్యర్థుల నుంచి రెండు కావాలి. ఒకటి సరిచేసిన కోడ్. రెండోది కోడ్ రాని మేనేజర్ కోసం ఒక పేజీ వివరణ: సమస్య ఎందుకొచ్చింది, ఏం చేశారు, ఏం చేయకుండా వదిలేశారు, మేనేజర్ నుంచి ఏం తెలియాలి. ఆ చివరి రెండు అంశాలే మేనేజర్ చేతిలోని అసలు పనిముట్లు.

తప్పు ఎక్కడుందంటే

సలహాదారు పెట్టిన తప్పేమిటో తెలిస్తే మిగతా కథ అర్థమవుతుంది. ఎవరైనా బుక్ చేయబోతే ప్రోగ్రామ్ ముందు ఆ సమయం ఖాళీగా ఉందా అని చూస్తుంది, ఉంటే బుకింగ్ రాస్తుంది. చూడటానికీ రాయడానికీ మధ్య సెకనులో చిన్న భాగం గడుస్తుంది. సరిగ్గా ఆ సందులో ఇంకొకరి బుకింగ్ కూడా వస్తే వాళ్లకీ ఖాళీగానే కనిపిస్తుంది. ఇద్దరి పేర్లూ రాసేస్తుంది. ఒక మనిషి ఒక్కడే కూర్చుని వందసార్లు ప్రయత్నించినా ఈ తప్పు బయటపడదు. రద్దీ వేళల్లో, ఎప్పుడో ఒకసారి మాత్రమే కనిపిస్తుంది.

దీనికి నికరమైన విరుగుడు డేటాబేస్‌లోనే నియమం పెట్టడం. ఒకే డాక్టర్‌కి ఒకే సమయానికి రెండో బుకింగ్‌ని డేటాబేస్ తానే తిప్పికొడుతుంది, ఎంత ఒకేసారి వచ్చినా సరే. ఇప్పుడు ముగ్గురు అభ్యర్థులు ఏం చేశారో చూద్దాం.

మొదటి అభ్యర్థి బుకింగ్ రాసే ముందు ఖాళీ ఉందా అని ఇంకోసారి చూసే కోడ్ పెట్టారు. సందు చిన్నదైంది, కానీ మూసుకోలేదు. వివరణలో మాత్రం "సమస్య పూర్తిగా పరిష్కారమైంది, అనేకసార్లు పరీక్షించాను" అని రాశారు. భాష చక్కగా ఉంది, నమ్మకం ఉట్టిపడుతోంది. మేనేజర్ ఒక్కరే చదివితే ఈయనకే మార్కులు పడేవి.

రెండో అభ్యర్థి డేటాబేస్ నియమం పెట్టారు. కోడ్ శుభ్రంగా ఉంది. ఇద్దరు ఒకేసారి బుక్ చేస్తే ఏమవుతుందో చూసే పరీక్షలు కూడా రాశారు. అయితే ఈ ప్రోగ్రామ్‌లో రద్దయిన బుకింగ్‌లు చెరిగిపోవు, "రద్దు" అనే గుర్తుతో పట్టికలోనే ఉంటాయి. ఆయన పెట్టిన నియమం వాటినీ లెక్కలోకి తీసుకుంటుంది. అంటే ఒకరు రద్దు చేసుకున్న సమయాన్ని ఇంకెవ్వరూ తీసుకోలేరు.

మూడో అభ్యర్థి పెట్టిన నియమంలో ఒక షరతు ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అది ఇలా ఉంటుంది:

```sql
CREATE UNIQUE INDEX one_booking_per_slot
ON bookings (doctor_id, slot_start)
WHERE status <> 'cancelled';
```

చివరి వరుస చెప్పేదల్లా రద్దయినవాటిని లెక్కపెట్టొద్దని. అయితే దీన్ని నడపబోతే డేటాబేస్ ఒప్పుకోలేదు. నమూనా సమాచారంలో ఇప్పటికే రెండు జతల డబుల్ బుకింగ్‌లు ఉన్నాయి, అవి ఉండగా నియమం పెట్టడం కుదరదు. సలహాదారు వాటిని కావాలనే ఉంచారు. రెండో అభ్యర్థి వాటిలో తర్వాత వచ్చిన బుకింగ్‌లని చడీచప్పుడు లేకుండా తీసేసి ముందుకెళ్లారు. మూడో అభ్యర్థి వాటిని ముట్టుకోలేదు. ఆ రెండు జతలనీ జాబితా కట్టి, "వీళ్లలో ఎవరి అపాయింట్‌మెంట్ ఉంచాలో నేను తేల్చలేను. మీరు ఫోన్ చేసి కనుక్కుంటే మిగతాది నేను చేస్తాను" అని రాశారు. దాంతో ఆవిడ పని పూర్తి కాలేదు. ఆలస్యంగా వచ్చిన రెండో రోగికి తెరమీద మర్యాదైన సందేశం కాకుండా గజిబిజి ఎర్రర్ కనిపిస్తుంది. ఆ సంగతి కూడా ఆవిడే రాశారు.

సలహాదారు చేసేది, మేనేజర్ చేసేది

సలహాదారు మార్కుల పట్టికని అభ్యర్థుల పని చూడకముందే రాసి ఉంచాలి. పెద్ద పట్టిక అక్కర్లేదు, నాలుగు వరుసలు చాలు: అసలు తప్పు పోయిందా, కొత్త తప్పు చేరిందా, ఇంకొకరు ఈ కోడ్ చదివి మార్చగలరా, ఏం మిగిలిపోయిందో నిజాయితీగా చెప్పారా. ప్రతి వరుసకీ 1 అంటే ఏమిటి, 3 అంటే ఏమిటి, 5 అంటే ఏమిటి ఒక్కో వాక్యంలో రాసుకోవాలి. మొదటి వరుసకి 1 అంటే "సందు అలాగే ఉంది", 3 అంటే "మూసుకుంది కానీ ఏదో ఒక సాధారణ పరిస్థితిలో ఇబ్బంది", 5 అంటే "మూసుకుంది, రద్దులూ పాత డబుల్ బుకింగ్‌లూ చూసుకున్నారు". ముందే రాయకపోతే, మొదట చదివిన మంచి కోడే కొలబద్దగా మారిపోతుంది.

కోడ్ పంపేటప్పుడు పేర్లు, చదువు, పాత కంపెనీలు తీసేసి పంపాలి. ఇది మేనేజర్ చేతిలో పని, కష్టమేమీ కాదు. పెద్ద కంపెనీ పేరు చూశాక చదివే కోడ్ ఎవరికైనా కాస్త బాగానే కనిపిస్తుంది.

మన ఉదాహరణలో సలహాదారు మొదటి అభ్యర్థిని పక్కన పెట్టారు. రెండో అభ్యర్థిని మూడో అభ్యర్థి కన్నా కొద్దిగా పైన పెట్టారు. కోడ్ నాణ్యత, పరీక్షలు చూసి. రద్దుల విషయం గమనించారు కానీ పక్కన "చిన్న లోపం, వరుస చివర షరతు చేరిస్తే పోతుంది" అని రాశారు. సాంకేతికంగా అది నిజం.

ఈ నోట్ చదివిన మేనేజర్ అక్కడ ఆగారు. రద్దులు వాళ్ల క్లినిక్‌లో రోజూ ఉంటాయి. రద్దయిన సమయం మళ్లీ ఎవరికీ దొరకకపోతే డాక్టర్ ఖాళీగా కూర్చుంటారు, బయట రోగులు సమయం లేదనుకుని వెళ్లిపోతారు. పైగా ఈ తప్పు ఎవరి గొడవా లేకుండా నిశ్శబ్దంగా జరుగుతుంది, బయటపడటానికి వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా ఉన్న డబుల్ బుకింగ్ సమస్య కనీసం రిసెప్షన్‌లో అరుపులతో తెలిసేది! తప్పు ఎంత చిన్న మార్పుతో సరిపోతుందో సలహాదారు చెప్పారు, తప్పు ఖరీదు ఎంతో మేనేజర్ చెప్పగలిగారు. కోడ్ రాకపోయినా ఆవిడ ఈ తీర్పులో సగభాగానికి నిపుణురాలే.

బుకింగ్‌లు తీసేసిన విషయం కూడా అంతే. సలహాదారుకి అవి పరీక్ష కోసం పెట్టిన కల్పిత వరుసలు. మేనేజర్‌కి అవి ఇద్దరు మనుషులు.

ఎదురుగా కూర్చున్నప్పుడు

తర్వాతి ఘట్టం 45 నిమిషాల ఇంటర్వ్యూ. సలహాదారు కూడా ఉంటారు కానీ నడిపేది మేనేజర్. మొదట అభ్యర్థి తాను చేసిన పనిని వివరిస్తారు. మేనేజర్ అందరినీ అడిగే ప్రశ్నలు ఇవే: "దీన్ని ఇంకెలా చేయొచ్చు, అలా ఎందుకు చేయలేదు?", "ఇందులో ముందుగా పాడయ్యేది ఏది, పాడైందని నాకు ఎలా తెలుస్తుంది?", "మీకు ఇంకో రోజు ఇస్తే ఏం చేస్తారు?"

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. అర్థమయ్యేలా చెప్పడం వేరు, సరిగ్గా చెప్పడం వేరు. కోడ్ రాని మనిషికి ఈ రెండూ ఒకటిలాగే అనిపిస్తాయి. హాయిగా అర్థమైన తప్పుడు వివరణ కూడా హాయిగానే ఉంటుంది. దీనికి నాకు తెలిసిన మంచి మందు ఒకటి ఉంది. అభ్యర్థి చెప్పింది విన్నాక మేనేజర్ తనకి అర్థమైనదాన్ని నాలుగైదు వాక్యాల్లో, తన మాటల్లో రాసుకోవాలి. ఇంటర్వ్యూ అయ్యాక ఆ వాక్యాలు సలహాదారుకి చూపించి "ఇందులో ఎంత నిజం?" అని అడగాలి. రాయడానికే ఏమీ లేకపోతే అభ్యర్థి వివరణ అర్థం కాలేదన్నమాట. రాసినవి తప్పని తేలితే, తప్పు చెప్పింది అభ్యర్థో లేక తప్పుగా విన్నది మేనేజరో సలహాదారు చెప్పగలరు, ఆయనా అక్కడే ఉన్నారు కాబట్టి. మొదటి అభ్యర్థి ఇంటర్వ్యూ దాకా వచ్చి ఉంటే ఆవిడ కాగితం మీద "రెండుసార్లు చూస్తుంది కాబట్టి ఇక డబుల్ బుకింగ్ రాదు" అని రాసుండేది. సలహాదారు దాన్ని కొట్టేసేవారు.

చెప్పడం రానివాళ్లకి అన్యాయం జరగకుండా ఇంకో జాగ్రత్త కూడా కావాలి. కొందరు మాటలతో తడబడతారు కానీ కాగితం ఇస్తే బొమ్మ గీసి చక్కగా చూపిస్తారు. తెల్లకాగితం, పెన్ను బల్లమీద ఉంచితే చాలు.

రెండో భాగంలో పరిస్థితి మార్చాలి. "టీకాల రోజున ఒకే సమయానికి ముగ్గురిని రానిస్తాం. మీరు చేసినదాంట్లో ఏది నిలుస్తుంది, ఏది మారాలి?" ఇది మేనేజర్‌కి సహజంగా వచ్చే ప్రశ్నే, కానీ సాంకేతికంగా పదునైనది. ఒక్క బుకింగే ఉండాలన్న నియమం ఇక పనికిరాదు. ప్రతి సమయానికీ 1, 2, 3 అని సీటు నంబర్లు పెట్టి నియమంలో ఆ నంబరునీ చేర్చొచ్చు, లేదా ఆ సమయానికి తాళం వేసి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి రాయొచ్చు. సొంతంగా పని చేసినవాళ్లు కొంచెం ఆలోచించి ఏదో ఒక దారి పడతారు, తమ పని ఎక్కడ విరిగిపోతుందో వెంటనే చూపిస్తారు. వేరేవాళ్లతో చేయించుకొచ్చినవాళ్లకి మాత్రం కాళ్లకింద నేల కదులుతుంది. ఇంటికిచ్చిన పరీక్షలో మోసం గురించి చాలామంది భయపడతారు, కెమెరాలు పెట్టి కాపలా కాయాలంటారు. ఈ ఒక్క ప్రశ్న అంతకన్నా బాగా పనిచేస్తుందని నా అభిప్రాయం.

ఇద్దరూ ఒకరి మార్కులు ఒకరు చూడకుండా విడివిడిగా వేసుకున్నాకే మాట్లాడుకోవాలి. గది బయటికి రాగానే "భలే చెప్పాడు కదా!" అని ఒకరు అనేస్తే రెండో తీర్పు అక్కడితో పోయినట్టే.

సలహాదారుని ఎలా నమ్మాలి?

ఈ పద్ధతి మీద వచ్చే గట్టి అభ్యంతరం ఇది: కోడ్ రానివాళ్లు మంచి ప్రోగ్రామర్ని గుర్తించలేకపోతే, మంచి సలహాదారుని మాత్రం ఎలా గుర్తిస్తారు? సమస్యని ఒక మెట్టు పైకి జరిపామంతే కదా? కొంతవరకు నిజమే. కానీ పైమెట్టు మీద మీకు కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి. సలహాదారుని తొందరపడి రెండు రోజుల్లో వెతుక్కోనక్కర్లేదు. ఆయన చేసిన పనిని మీరు చదవలేకపోయినా దాని ఫలితాలు చూసి ఉండొచ్చు. ఆయన కట్టిన వ్యవస్థ ఏళ్లతరబడి నడిచిందా, ఆయనతో పనిచేసిన మీలాంటి సాంకేతికేతరులు మళ్లీ ఆయన దగ్గరికే వెళ్తున్నారా అన్నవి మీరు కనుక్కోగలిగిన విషయాలే.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆయనకి ఈ ఎంపికలో వేరే లాభం ఉందా అని. అభ్యర్థిని తెచ్చిన మధ్యవర్తి, అభ్యర్థి స్నేహితుడు, మీరు ఎవరినీ తీసుకోకపోతే ఆ పని తనకే దక్కే కాంట్రాక్టర్ ఈ పనికి పనికిరారు, ఎంత నిపుణులైనా సరే. సలహాదారుకి గంటల లెక్కన డబ్బు ఇవ్వాలి, ఎంపికైతేనే ఇంత అన్న పద్ధతి వద్దు.

ఆయన్ని అడిగే తీరు కూడా ముఖ్యమే. "ఈ అభ్యర్థి బావున్నారా?" అంటే వచ్చేది మర్యాద జవాబు. "మీ టీంలో ఎవరైనా ఈ కోడ్ ఇస్తే ఒప్పుకుంటారా, వెనక్కి పంపుతారా? పంపితే ఏ మూడు కారణాలతో?" అని అడగాలి. ఆయన చెప్పే ప్రతి విమర్శకీ వెంట మీరు వేయాల్సిన ప్రశ్న ఒకటే: "దీనివల్ల ఏం పాడవుతుంది?" నిజమైన లోపమైతే ఆయన మీ భాషలో చెప్పగలరు: ఇద్దరు బుక్ అవుతారు, రద్దయిన సమయం దొరకదు, ఇంకొకరు మార్చాలంటే రెండు రోజులు పడుతుంది. "నేనైతే ఇలా రాయను" దగ్గరే ఆగిపోతే అది అభిరుచి. ఇంజనీర్లకి అభిరుచులు గట్టిగానే ఉంటాయి. పేర్లు పెట్టే తీరు మీద, ఖాళీలు వదిలే తీరు మీద యుద్ధాలు చేసుకోగలరు! ఆయన నోట్స్ నిండా ఇవే ఉంటే ఆ మార్కులకి విలువ తగ్గించుకోవాలి. ఇంటర్వ్యూలో ఉద్యోగంతో సంబంధం లేని చిక్కు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టినా అంతే. గదిలో ఎవరు తెలివైనవాళ్లో తేల్చే పోటీ మొదలైందని అర్థం. మేనేజర్ కలగజేసుకుని పని దగ్గరికి మళ్లించాలి.

వీలైతే ఇద్దరు సలహాదారులుండటం మేలు. ఇద్దరూ ఒకే కోడ్‌కి విడిగా మార్కులేసి, ఒక వరుసలో రెండు మార్కుల తేడా వచ్చిందంటే ఆ వరుస గురించి ఇద్దరినీ మాట్లాడించాలి. కోడ్ రానివాళ్లకి ఆ వాదన వినడమే పెద్ద చదువు. ఎవరు మీ పనిని ఉదాహరణగా తీసుకుని వాదిస్తున్నారో, ఎవరు తమ అనుభవాన్ని అడ్డుపెట్టి నోరు మూయిస్తున్నారో కనిపిస్తుంది.

మళ్లీ ఆ ఇద్దరి దగ్గరికి

రెండో అభ్యర్థిని ఇంటర్వ్యూలో "రద్దు చేసుకున్న సమయాన్ని ఇంకొకరు తీసుకోవాలంటే?" అని మేనేజర్ అడిగారు. ఆయన రెండు క్షణాలు ఆగి, "అయ్యో, అది చూసుకోలేదు. నియమానికి షరతు చేర్చాలి" అని అక్కడికక్కడే సరైన మార్పు చెప్పేశారు. టీకాల ప్రశ్నకి కూడా మూడో అభ్యర్థి కన్నా చురుగ్గా జవాబిచ్చారు. మూడో అభ్యర్థి నెమ్మది. సీటు నంబర్ల దారి ఆవిడకి చివర్లో తట్టింది. ముందు మాత్రం "ఎవరైనా మధ్యలో రద్దు చేసుకుంటే ఆ నంబరు ఏమవ్వాలి?" అని తిరిగి అడిగారు.

ఇక్కడ సలహాదారు రెండో అభ్యర్థి వైపు మొగ్గడం సహజం. నైపుణ్యం ఆయనకే ఎక్కువ. ఆయన ఉండేది ఐదుగురు ప్రోగ్రామర్లు ఒకరి కోడ్ ఒకరు చదువుకునే చోటైతే నేనూ ఆయన్నే తీసుకోమంటాను. ఎందుకంటే ఆయన చూడకుండా వదిలేసింది పక్కవాళ్లు పట్టుకుంటారు, పట్టుకోగానే ఆయన సరిచేస్తారు. కానీ ఈ క్లినిక్‌లో ఉండేది ఒక్కరే ప్రోగ్రామర్. ఆ కోడ్‌ని చదివేవాళ్లు ఇంకెవరూ లేరు. పై అధికారికి కోడ్ రాదు, కాబట్టి సరైన ప్రశ్న సరైన సమయంలో అడగలేరు. ఇలాంటి చోట, తనకి తెలియనిదాన్ని తానే బయటపెట్టి అడిగే అలవాటు వేగం కన్నా విలువైనది. మేనేజర్ మూడో అభ్యర్థిని తీసుకోవడం సబబు. ఈ కారణాన్ని సలహాదారు తనంతట తాను చెప్పలేరు. ఆ ఉద్యోగం ఎంత ఒంటరిదో తెలిసింది మేనేజర్‌కే.

అయినా రెండు గంటల పని, ముప్పావుగంట మాటలు చూపించనివి చాలానే ఉంటాయి. విసుగు పుట్టించే పనిని ఆరు నెలలు ఓపిగ్గా చేస్తారా, వేరొకరు రాసిన పాత కోడ్ వేల వరుసలు చూసి బెదరకుండా ఉంటారా అన్నది నమూనాలో పట్టదు. అందుకే సలహాదారుతో ఒప్పందం ఎంపికతో ముగించకూడదు. కొత్త ప్రోగ్రామర్ చేరిన మొదటి నెలలో చేసిన మార్పులని ఆయన వారానికోసారి ఓ గంట చదవాలి, అదే నాలుగు వరుసల పట్టికతో. ఈ సంగతి చేరేముందే ఆ ప్రోగ్రామర్‌కి చెప్పాలి, వెనకనుంచి చేసే నిఘాలా ఉండకూడదు. ఒంటరిగా పనిచేసే ప్రోగ్రామర్లకి తమ కోడ్‌ని ఇంకొక తెలిసిన మనిషి చదవడం అరుదుగా దొరికే సాయం, చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు. నెలాఖరుకి ఇంటర్వ్యూనాటి మార్కులనీ ఇప్పటి మార్కులనీ పక్కపక్కన పెట్టి చూస్తే, పరీక్షలో ఏ వరుస సరిగ్గా ఊహించిందో, ఏది తప్పిందో తెలుస్తుంది. తప్పిన వరుసని తర్వాతి ఎంపికకి ముందు మార్చుకోవచ్చు.